లెక్కల మాస్టారికి, స్టాఫ్ రూం నుంచి

మాస్టారూ, నమస్కారం.

33 ఏళ్ళ సర్వీసు పూర్తి చేసుకుని ఈ నెలాఖరున రిటైరవుతున్నారు. సన్మాన సభలో శాలువాలూ దండలూ ఎలాగూ ఉంటాయి. మైకు ముందు చెప్పే వీలు లేని నాలుగు మాటలు ఈ కార్డులో రాసుకుంటున్నాం.

మీరు పేపర్లు దిద్దే తీరు చూసే మాలో చాలామందిమి దిద్దడం నేర్చుకున్నాం. జవాబు తప్పని మొత్తం లెక్క కొట్టేసే అలవాటు మీకు లేదు. పైనుంచి ఒక్కో మెట్టూ చూసుకుంటూ వచ్చి, తప్పు మొదలైన చోట ఎర్రసిరాతో చిన్న గీత గీసేవారు. అంతవరకూ సరిగ్గా చేసినదానికి మార్కులు వేసేవారు. 612ని 6తో భాగించి 12 అని రాసిన పిల్లవాణ్ణి పిలిచి, “1లో 6 పోదు కదా, పోనప్పుడు పైన ఏం పెట్టాలిరా?” అని అడిగేవారు. వాడే సున్నా పెట్టుకుని 102 తెచ్చేవాడు.

(a+b)² అనగానే a²+b² అని రాసెయ్యడం ఏటా ఉండేదే. మీరు సూత్రం వల్లె వేయించలేదు. 7 సెంటీమీటర్ల చదరపు కాగితం ఇచ్చి, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి 5 దగ్గర మడత పెట్టమనేవారు. పెద్ద చదరం 25, చిన్నది 4, కలిపితే 29. కాగితం మొత్తం చూస్తే 49. మరి ఆ 20 ఏమైంది? పక్కనున్న రెండు 5×2 ముక్కల మీద పిల్లల వేళ్ళు వెళ్ళేవి. అదే 2ab అని అప్పుడు బోర్డు మీద రాసేవారు.

గీసిన వృత్తం కలవలేదని ఎవరైనా బిక్కమొహం వేస్తే ముందు వృత్తలేఖిని అందుకునేవారు. మర వదులైందేమో బిగించి, ముల్లూ పెన్సిల్ మొనా సమంగా ఉన్నాయో లేదో చూసి తిరిగి ఇచ్చేవారు. ఆ చిన్న స్క్రూడ్రైవరు ఇప్పటికీ మీ చొక్కా జేబులోనే ఉంది!

కొత్తగా చేరిన టీచర్లకు మీరు చెప్పిన మాటలూ గుర్తున్నాయి. బోర్డు వైపు తిరిగి మాట్లాడొద్దు. రాసి, పక్కకు జరిగి, అప్పుడు చెప్పాలి. అక్షరం రెండంగుళాలైనా లేకపోతే చివరి బెంచీ వాళ్ళకు పాఠం లేనట్టే.

ఇన్నాళ్ళూ వాయిదా వేసుకున్న కాశీయాత్రకు అమ్మగారితో కలిసి హాయిగా వెళ్ళి రండి. పెన్షన్ కాగితాల పనికి మాత్రం ఒక్కరే తిరగొద్దు, ఫోన్ చేస్తే మాలో ఎవరో ఒకరం బండి తీసుకుని వస్తాం. డిసెంబరు 22న గణిత దినోత్సవానికి మీరు రావాల్సిందే. ఆ రోజు సుద్దముక్క మీ చేతికే.

ఆయురారోగ్యాలతో ఉండాలని కోరుకుంటూ,
మీ స్టాఫ్ రూం సహోద్యోగులు,
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల

“పేపరు దిద్దడానికి ఎర్రసిరా చాలు; పిల్లవాణ్ణి దిద్దడానికి మాస్టారే కావాలి.”