శిక్షణపై నా దృక్పథం: ఫిజికల్ ఎడ్యుకేషన్ లెక్చరర్ ఇంటర్వ్యూ కోసం

మన వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచింది. అలాంటి ప్రతిభ మన డిగ్రీ కాలేజీల్లోనూ ఉందని నా గట్టి నమ్మకం. అందుకే సెలక్షన్ అయిన 12 మందినే కాదు, గ్రౌండ్ పక్కన కూర్చుని చూసేవాళ్లనూ ఆటలోకి పిలుస్తాను.

ఊళ్ల నుంచి బస్సుల్లో వచ్చే పిల్లలు పొద్దున ఏమైనా తిన్నారో లేదో కనుక్కున్నాకే పరుగు పెట్టిస్తాను. వార్మప్ చేయకుండా ఎవరినీ కబడ్డీ కోర్టులోకి దించను. మోకాలి లిగమెంట్ తెగితే నెలల తరబడి ఆట ఆగిపోతుంది. ఎండాకాలంలో ప్రాక్టీసు ఉదయం 8 గంటలలోపే ముగిస్తాను. తిట్టి ఆడించడం నా పద్ధతి కాదు. తప్పు చూపించి, మళ్లీ చేయిస్తాను. అమ్మాయిలకు బట్టలు మార్చుకునే గది, వాళ్లకంటూ గ్రౌండ్ టైమ్ కావాలని ప్రిన్సిపాల్‌గారిని మొదటి వారమే అడుగుతాను.