పై ఫ్లాట్ పైపు పగిలి అద్దె ఇంట్లో సామాను తడిసినందుకు క్లెయిమ్

తేదీ: ఆగస్టు 18, 2025

క్లెయిమ్స్ మేనేజర్ గారికి,

విషయం: ఇంటి సామాను పాలసీ నంబరు 70315582, ఫ్లాట్ 304 (మూడో అంతస్తు), నష్టం జరిగిన తేదీ ఆగస్టు 9, 2025

నమస్కారం.

ఆగస్టు 9 శనివారం తెల్లవారుజామున 2:40 ప్రాంతంలో, మా పైనున్న 404 బాత్రూంలో వాష్‌బేసిన్‌కి నీళ్లొచ్చే ఫ్లెక్సిబుల్ పైపు పగిలిపోయింది. ఆ ఇంట్లోవాళ్లు ఊళ్లో లేరు. నీళ్లు స్లాబులో నుంచి దిగి మా పడకగదిలో లైటు బిగించిన కన్నం నుంచి ధారగా కారాయి, పక్క గోడ వెంట కూడా వచ్చాయి. నేను ముందు మెయిన్ స్విచ్ ఆపేశాను, తర్వాత వాచ్‌మన్‌ని లేపి పై ఫ్లాట్‌కి వెళ్లే వాల్వు కట్టించాను. అప్పటికి 3:15 అయింది. గదిలో మడమల దాకా నీళ్లు నిలిచాయి.

అదే రోజు ఉదయం మీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి చెప్పాను. అవతలి వ్యక్తి రెండు మాటలన్నారు: ఒకటి, "ఇది సీపేజ్ కిందికి వస్తుంది, కవర్ కాదు"; రెండు, "ఇంటి ఓనర్‌ని అడగండి". ఈ రెండూ తప్పని రాతపూర్వకంగా చెప్పడానికే ఇంత వివరంగా రాస్తున్నాను.

సీపేజ్ అంటే గోడలోకి నెలల తరబడి నెమ్మదిగా తేమ ఎక్కడం. అలాంటి చోట ముందు మరక వస్తుంది, పెయింట్ ఉబ్బుతుంది, బూజు పడుతుంది. మా పడకగది సీలింగ్‌కి ఇవేవీ లేవు, ఆ మాట నా నోటితో చెప్పి ఊరుకోవడం లేదు. జూలై 20న ఓనర్ గారు ఇల్లు చూడడానికి వచ్చి తీసిన ఫోటోలు ఉన్నాయి, వాటిలో సీలింగ్ తెల్లగా, పొడిగా ఉంది. పైపు ఒక్కసారిగా పగిలి అరగంట పైగా పూర్తి ప్రెషర్‌తో నీళ్లు వదిలిందని ప్లంబర్ రాసిచ్చాడు. పైపులు, ట్యాంకులు పగలడం వల్లా పొంగడం వల్లా సామానుకి జరిగే నష్టం నా పాలసీలో కవరయ్యే ప్రమాదాల్లో స్పష్టంగా ఉంది.

ఇక ఓనర్ సంగతి. గోడలు, సీలింగ్, పెయింట్ ఆయనవి, వాటికి నేను మిమ్మల్ని ఒక్క రూపాయి అడగడం లేదు. నేను అడిగేది ఆ గదిలో ఉన్న నా సామాను గురించే, ఆ సామాను కోసమే అద్దెకున్నవాళ్లు ఈ పాలసీ తీసుకుంటారు, నేనూ అందుకే తీసుకున్నాను, ప్రీమియం ఒక్క ఏడాది కూడా ఆలస్యం చేయలేదు.

నష్టం పెరగకుండా చేయగలిగింది చేశాను. సామాను హాల్లోకి మార్చాను, తేమ పీల్చే మిషన్ అద్దెకు తెచ్చి పెట్టాను, తడిసిన ఏ వస్తువునీ ఆన్ చేసి చూడలేదు. పరుపు ఒక్కటే పారేయాల్సొచ్చింది, లోపలి దాకా నీళ్లు పీల్చి రెండో రోజుకే బూజు వాసన పట్టింది, ఇంట్లో ఆస్తమా ఉన్న మనిషి ఉన్నారు. పారేసే ముందు అన్ని వైపులా ఫోటోలు తీసి, లేబుల్ ఉన్న ముక్క కోసి దాచాను. పై ఇంటివాళ్ల నుంచి నేను డబ్బేమీ తీసుకోలేదు, వాళ్ల బాధ్యత లేదని ఎక్కడా సంతకమూ పెట్టలేదు, కాబట్టి వాళ్ల దగ్గర వసూలు చేసుకునే మీ హక్కు అలాగే ఉంది.

నష్టపోయిన సామాను

(పాలసీ ప్రకారం కొత్తది కొనే ధర ఇవ్వాలి కాబట్టి ఇవి నేటి ధరలు. బాగుచేయించగలిగిన చోట రిపేరు ఖర్చే వేశాను.)

1. ల్యాప్‌టాప్. నవంబరు 2023లో రూ. 58,900కి కొన్నాను, బిల్లుంది. కన్నానికి సరిగ్గా కింద టేబుల్ మీద ఉంది. మదర్‌బోర్డు, కీబోర్డు మార్చాలని సర్వీస్ సెంటర్ అంచనా: రూ. 41,300
2. డబుల్ కాట్ పరుపు. జూన్ 2022, బిల్లుంది. అదే మోడల్ ఇప్పుడు: రూ. 18,200
3. మూడు తలుపుల పార్టికల్ బోర్డు అలమర. 2021లో కొన్నది, బిల్లు పోయింది, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో చెల్లింపు కనిపిస్తుంది. అడుగు బోర్డు, రెండు తలుపులు ఉబ్బి విడిపోయాయి, ఈ రకం బోర్డు ఒకసారి ఉబ్బితే ఆరబెట్టినా మామూలు కాదు: రూ. 17,000
4. కుట్టుమిషన్ మోటారు రిపేరు. ఇంట్లో బట్టలకే వాడేది, వ్యాపారానికి కాదు: రూ. 3,650
5. డ్రైక్లీనింగ్‌తో బాగుపడిన బట్టలు: రూ. 2,870
6. రంగులు ఒకదానికొకటి అంటుకుని పనికిరాకుండా పోయిన బట్టలు, 11 జతలు: రూ. 9,400
7. పుస్తకాలు 37, పేజీలు అతుక్కుపోయాయి. పేర్లు, ధరలతో జాబితా వేరుగా పెట్టాను: రూ. 8,600
8. వైఫై రౌటర్: రూ. 2,150

సామాను మొత్తం రూ. 1,03,170. నష్టం ఆపడానికి పెట్టిన ఖర్చు (ఎలక్ట్రీషియన్ 900, తేమ పీల్చే మిషన్ అద్దె 3,200, ప్లాస్టిక్ పట్టాలు 640) రూ. 4,740. అంతా కలిపి రూ. 1,07,910. అదే గదిలో ఉన్న టీవీ, టేబుల్ ఫ్యాన్ ఆరాక బాగానే పనిచేస్తున్నాయి, అందుకే వాటిని రాయలేదు.

జతచేసిన ఆధారాలు

అ) ఆ రాత్రి తీసిన రెండు వీడియోలు, 46 ఫోటోలు. తేదీ, సమయం పోకుండా ఒరిజినల్ ఫైళ్లే పెన్‌డ్రైవ్‌లో ఇస్తున్నాను. మొదటి వీడియోలో నీళ్లు కారే కన్నం, కింద ల్యాప్‌టాప్ ఒకే ఫ్రేములో కనిపిస్తాయి.
ఆ) జూలై 20 నాటి సీలింగ్ ఫోటోలు, అవి తనే తీశానని ఓనర్ గారి సంతకంతో కాగితం.
ఇ) ప్లంబర్ రిపోర్టు, పగిలిన పైపు ఫోటోలు. పైపు 404 వాళ్ల దగ్గరే ఉంది, సర్వేయర్ గారికి చూపిస్తామని రాసిచ్చారు, ఆ కాగితమూ ఉంది.
ఈ) వాల్వు కట్టిన సమయం గురించి వాచ్‌మన్ వాంగ్మూలం, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ లెటర్.
ఉ) అద్దె ఒప్పందం కాపీ.
ఊ) బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్, నేటి ధరల స్క్రీన్‌షాట్లు, సర్వీస్ సెంటర్ అంచనా, కుట్టుమిషన్ మెకానిక్ అంచనా, 4,740 ఖర్చుకి రసీదులు.
ఋ) ఆగస్టు 9న మీ హెల్ప్‌లైన్‌కి చేసిన కాల్ వివరం, ఫోన్ కాల్ లాగ్ నుంచి.

పరుపు తప్ప మిగతావన్నీ ఇంట్లోనే ఉంచాను, కానీ తడిసిన అలమర, పుస్తకాలు హాల్లో పెట్టుకుని ఎక్కువ రోజులు ఉండలేం, అందుకని సర్వేయర్ గారిని ఈ వారంలోనే పంపండి. క్లెయిమ్ నంబరు, సర్వేయర్ పేరు రాతపూర్వకంగా ఇవ్వండి. ఏ వస్తువుకైనా తగ్గించినా, మొత్తమే కాదన్నా, పాలసీలో ఏ క్లాజు ప్రకారమో ఆ క్లాజు రాసి పంపండి, ఫోన్లో చెప్పిన మాటను నిర్ణయంగా నేను ఒప్పుకోను. వస్తువుల వారీగా లెక్క చూపకుండా ఫైనల్ సెటిల్‌మెంట్ వోచరు పంపితే సంతకం చేయను. ల్యాప్‌టాప్ లేక నా ఉద్యోగం పని ఆగిపోతోంది, కనీసం వివాదం లేని ఆ మొత్తాన్నైనా ముందుగా విడుదల చేయమని అడుగుతున్నాను.

ఉదయం 8 నుంచి 10 దాకా, సాయంత్రం 6 తర్వాత ఇంట్లోనే ఉంటాను, పాలసీలో ఉన్న ఫోన్ నంబరే ఇప్పటికీ వాడుతున్నాను.

ఇట్లు,
పాలసీదారు, ఫ్లాట్ 304
(సంతకం చేసిన ప్రతి, పెన్‌డ్రైవ్ రిజిస్టర్డ్ పోస్టులో, ఇదే కాపీ ఈమెయిల్‌లో)