విషయం: జనవరిలో కొన్న 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీ ఫెయిల్, డేట్ కోడ్ C24, కొత్తది మార్చి ఇవ్వాలి

డీలర్ గారికి నమస్కారం.

పర్లాకిమిడి బస్టాండ్ రోడ్డులో మందుల షాపు నాది. 18 జనవరి 2025న బరంపురంలో మీ దగ్గర 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ తీసుకున్నాను. పాత బ్యాటరీ మీకిచ్చి, పైన 13,200 రూపాయలు కట్టాను. జూన్ వచ్చేసరికి అది పనికిరాకుండా పోయింది. మొదట్లో ఫ్రిజ్, రెండు లైట్లు, ఫ్యాను సాయంత్రమంతా నడిచేవి. ఇప్పుడు కరెంటు పోయిన పావుగంటకే ఇన్వర్టర్ కుయ్యిమంటోంది. ఆ ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఉంటుంది, 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. గాలివాన పట్టిందంటే మా దగ్గర కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. నా టెన్షన్ అంతా దాని గురించే.

ఫోన్ చేస్తే మీ కుర్రాడు "నీళ్లు తగ్గుంటాయి" అన్నాడు. ఆరు ఫ్లోట్లూ పచ్చ గీత దగ్గరే ఉన్నాయి, ఫోటోలు పంపుతున్నాను. ఇక్కడి మెకానిక్ రాత్రంతా చార్జింగ్ పెట్టి, కాసేపు ఆగాక హైడ్రోమీటర్‌తో చూశాడు. అయిదు సెల్స్‌లో గ్రావిటీ 1.190 దగ్గరే ఆగింది, మూడో సెల్ 1.120. ఫుల్ చార్జ్ అయితే 1.240 దాటాలి కదా. వోల్టేజ్ 12.1 చూపించింది, లోడ్ వేయగానే 10.5 కంటే కిందికి పడిపోయింది. అదే ఇన్వర్టర్‌కి పక్క షాపు బ్యాటరీ తగిలిస్తే బాగానే చార్జ్ అయింది, బ్యాకప్ కూడా ఇచ్చింది. కాబట్టి ఇన్వర్టర్‌లో లోపం లేదు.

అసలు సంగతి డేట్ కోడ్‌లో ఉంది. మూత మీద C24 అని కొట్టి ఉంది. కంపెనీ టోల్‌ఫ్రీ నంబర్‌కి ఫోన్ చేసి అడిగాను. అక్షరం నెలకి, అంకెలు సంవత్సరానికి, అంటే మార్చి 2024 తయారీ అని చెప్పారు. నాకు అమ్మే నాటికే పది నెలల పాతది. యాసిడ్ నింపిన బ్యాటరీ వాడకుండా ఉంచినా దానంతటదే డిశ్చార్జ్ అవుతుంది. మధ్యమధ్యలో చార్జింగ్ పెట్టకపోతే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, ఆ తర్వాత ఎంత చార్జ్ చేసినా గ్రావిటీ పైకి రాదు. ఆ పది నెలల్లో దానికి చార్జింగ్ ఎప్పుడెప్పుడు పెట్టారో దయచేసి రాసి పంపండి. పాత స్టాక్ అని ముందే చెప్పి ఉంటే నేను తీసుకునేవాణ్ణి కాదు. కొత్త సరుకు ధరే కట్టాను.

వారంటీ కార్డులో మొదటి 36 నెలలు ఉచితంగా మార్చి ఇస్తామని ఉంది. మీ స్టాంపూ, 18 జనవరి తేదీ కూడా ఉన్నాయి. అందుకని ప్రో-రేటా లెక్కలు ఇక్కడ వర్తించవు. దీన్నే మళ్లీ చార్జ్ చేసి తిరిగిచ్చినా తీసుకోను. ఈ మూడు నెలల లోపు డేట్ కోడ్ ఉన్న బ్యాటరీ ఇప్పించండి. కంపెనీ టెస్టింగ్‌కి టైం పడుతుందంటే అంతవరకు ఒక స్టాండ్‌బై బ్యాటరీ పంపండి, ఆటో కిరాయి నేనే పెట్టుకుంటాను.

బిల్లు, వారంటీ కార్డు, డేట్ కోడ్ ఫోటో జత చేశాను. శనివారం లోపు జవాబివ్వండి. లేదంటే ఇవే కాగితాలతో కంపెనీ సర్వీస్ సెంటర్‌కీ, జిల్లా వినియోగదారుల కమిషన్‌కీ ఫిర్యాదు చేస్తాను.

ఇట్లు,
అప్పారావు
పర్లాకిమిడి, గజపతి జిల్లా