అరకు సంగతి: సతీష్‌తో ఒక మాట

బుధవారం

కిశోర్, సా. 7:10
ఒరే సతీషూ, ఆఫీసు నుంచి వచ్చేశావా? చిన్న విషయం ఒకటి మాట్లాడాలి. కంగారు పడాల్సిందేం కాదు. తీరిక దొరికినప్పుడు చూడు.

సతీష్, 7:25
ఇప్పుడే వచ్చా రా. మెట్రోలో కాలు పెట్టే సందు లేదు. చెప్పు, ఏంటి?

కిశోర్, 7:34
శనివారం ప్రవీణ్ స్టేటస్‌లో మీ నలుగురి ఫొటో చూశా, వలిసె పూల మధ్య దిగింది. ఫొటో మాత్రం అదిరింది. మంకీ క్యాప్ పెట్టుకున్న నాయుడు అచ్చం మన హాస్టల్ వాచ్‌మన్‌లా ఉన్నాడు.

కానీ నిజం చెప్పాలంటే, చూడగానే మనసు చివుక్కుమంది. ఫైనలియర్ నుంచీ ఐదుగురం కలిసి వెళ్దాం అనుకుంటున్న చోటు కదా అరకు. వెళ్తున్నారన్న సంగతి కూడా నాకు స్టేటస్ చూస్తేనే తెలియడం ఏదోలా అనిపించింది. కావాలని పక్కన పెట్టారని అనుకోవట్లేదు. లోపల పెట్టుకుని, రేపు కలిసినప్పుడు ముభావంగా ఉండి, "ఏమైందిరా" అంటే "ఏం లేదు" అనడం నాకిష్టం లేదు. అందుకే చెప్పేస్తున్నా.

సతీష్, 7:41
అయ్యో అదేం లేదురా. ఉన్నట్టుండి అనుకున్నాం, శుక్రవారం బండెక్కేశాం, అంతే.

సతీష్, 7:42
అయినా నువ్వు ఇంటర్వ్యూల హడావిడిలో ఉంటావు కదా అని...

కిశోర్, 7:50
సరే రా. సంజాయిషీ అడగట్లేదు, ఎవరిది తప్పో తేల్చాలనీ లేదు. ఇంటర్వ్యూలన్నావు కాబట్టి ఒక్కటి అడుగుతా. నేను రాలేననుకునే చెప్పలేదా, ఇంకేమన్నా ఉందా? నా వల్ల ఎవరికైనా ఇబ్బందిగా ఉంటే అదీ చెప్పు, తిట్టుకోను. ఇప్పుడే చెప్పాలని కూడా లేదు. భోంచేసి నెమ్మదిగా చూడు.

సతీష్, రా. 9:12
భోజనం అయింది. ఉన్నది ఉన్నట్టు చెప్తా, ఏమనుకోకు.

ఉన్నట్టుండి అనుకున్నది కాదు. టికెట్లు అక్టోబర్ చివర్లోనే తీశాం. నీ ప్రాజెక్టు ఆగస్టులో ఆగిపోయింది, ఇంకా ఏదీ ఖాయం కాలేదు. తలకి ఆరున్నర వేలు అవుతుందని లెక్క తేలింది. నీకు చెప్తే కాదనలేవని, ఎక్కడో చెయ్యి చాచైనా వస్తావని నాయుడు అన్నాడు. చెప్పి నిన్ను ఇరకాటంలో పెట్టడం ఎందుకులే అనుకున్నాం. మన గ్రూపులో మాట్లాడితే నువ్వు చూస్తావని వేరే గ్రూపు పెట్టాం. అది మాత్రం పెట్టేటప్పుడే నాకు బాగా అనిపించలేదు. కానీ నోరెత్తలేదు.

కిశోర్, 9:30
ఇంత నేరుగా చెప్పినందుకు థాంక్స్ రా. ఇప్పుడు అర్థమైంది. నేను ఇంకేదేదో ఊహించుకున్నా, ఇది దానికన్నా నయం. నాయుడు నా మంచికే అన్నాడు, అందులో అనుమానం లేదు. వాడి మీద కోపం కూడా లేదు, ఆ సంగతి వాడికి చెప్పు.

ఇక నా వైపు నుంచి చెప్తా, కాస్త పొడుగవుతుంది.

డబ్బు ఇబ్బంది ఉన్న మాట నిజమే. కానీ వెళ్లగలనో లేదో నా లెక్క నేను చూసుకుంటే ఒకటి, నా తరఫున మీరు నలుగురూ కూర్చుని తేల్చేస్తే ఇంకొకటి. మొదటిదైతే "ఈసారికి కుదరదురా, ఫొటోలు పంపండి" అని హాయిగా చెప్పేవాణ్ణి. రెండోదాంట్లో ఆ మాట అనే వీలే నాకు లేకుండా పోయింది. ఉద్యోగం పోయాక చుట్టాలు ఎలాగూ జాలిగా మాట్లాడుతున్నారు, "పాపం వాడు" అని. ఆ "పాపం" మీ దగ్గర మాత్రం వద్దు.

ఈ లెక్క చూడు. మీరు తీసుకున్న కారు రెండు రోజులకి పది వేలు అనుకుందాం. నలుగురికైతే తలకి రెండున్నర వేలు, ఐదుగురికైతే రెండు వేలు. అంటే నేనొచ్చుంటే మీకు తలా ఐదొందలు మిగిలేవి! మీరు థర్డ్ ఏసీలో వెళ్లారు, నేనైతే అందరం స్లీపర్‌లో వెళ్దామనేవాణ్ణి. రెండు వైపులా కలిపి వెయ్యి పైనే తగ్గేది. అప్పుడు నా వాటా ఆరున్నర నుంచి ఐదుకి దిగేది. ఐదైనా రాగలిగేవాణ్ణో లేదో చెప్పలేను. కానీ ఆ లెక్క వేసుకోవడానికి నాకు అక్టోబర్‌లో తెలియాలి. డిసెంబర్‌లో ఫొటో చూశాక వేసి ఏం లాభం?

అందుకే ఇకమీదట ఇలా చేద్దామని నా మాట. ఐదుగురికీ సంబంధించిన ప్లాన్ అయితే టికెట్టు తీయకముందే మన పాత గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టండి. ఏ రోజుల్లో, తలకి సుమారు ఎంత, ఏ రోజు లోపు చెప్పాలి, ఇవి ఉంటే చాలు. ఆ రోజు దాటినా నేనేమీ అనలేదంటే నన్ను లెక్కలో వేసుకోకుండా బుక్ చేసేయండి. నా కోసం ఆగొద్దు, బతిమాలొద్దు. రైలు టికెట్లు అరవై రోజుల ముందు తెరుచుకుంటాయి, ఒక టికెట్టు మీద ఆరుగురి వరకూ వేయొచ్చు. కాబట్టి ముందే చెప్తే ఐదోవాణ్ణి కలపడం కష్టం కాదు. తర్వాత చెప్తే నేను విడిగా తీసుకోవాలి, నా బెర్తు ఏ బోగీలో పడుతుందో దేవుడికే తెలియాలి. గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగి పొద్దున్నే కిరండూల్ బండి పట్టుకోవాలంటే అందరూ ఒక్కచోట ఉంటేనే పని అవుతుంది.

ప్రతిదానికీ నన్ను పిలవాలని మాత్రం అనట్లేదు. నువ్వూ రమణా ఆదివారం సినిమాకి వెళ్తారు, ప్రవీణ్ వాళ్ల ఆఫీసు వాళ్లతో ట్రెక్కింగ్‌కి పోతాడు. వాటిలో నాకు చెప్పాల్సిన పని లేదు, నేను పట్టించుకోను కూడా. నలుగురూ వెళ్తూ ఐదోవాడికి తెలియకుండా ఉండటానికి వేరే గ్రూపు పెట్టడం ఒక్కటే నన్ను నొప్పించింది.

డబ్బు గురించి చివరగా ఒకటి. నా వాటా నాకు చెప్పకుండా ఎవరూ కట్టేయొద్దు. నిజంగా అవసరమైతే నేనే నోరు తెరిచి అడుగుతా. ఎంత కావాలో, ఎప్పుడు ఇస్తానో కూడా చెప్పే అడుగుతా.

సతీష్, 9:52
మొత్తం చదివా. రెండుసార్లు చదివా. నువ్వన్నది నిజమే, "వాడు కాదనలేడు" అని మేమే అనేసుకున్నాం. సారీ రా.

రేపు గ్రూపులో అందరి చేతా సారీ చెప్పిస్తా ఉండు.

కిశోర్, 9:55
వద్దు బాబూ. గ్రూపులో పెడితే నలుగురూ వరసగా సారీలు టైప్ చేయాలి, నేను వరసగా "పర్లేదు" అనాలి. మధ్యలో ప్రవీణ్ ఏదో మీమ్ పడేస్తాడు. నాయుడేమో తనొక్కణ్ణే వేలెత్తి చూపించారని చిన్నబుచ్చుకుంటాడు. అందుకేగా అక్కడ ఎత్తకుండా నీకు విడిగా పెట్టింది. నాయుడికి మాత్రం నువ్వు ఫోన్ చేసి చెప్పు. నేను చేస్తే నిలదీయడానికి చేశాననుకుంటాడు.

ఇంకోటి. "స్టేటస్ పెట్టేటప్పుడు వాడికి కనపడకుండా పెట్టుకోవాల్సింది" అని ప్రవీణ్‌కి ఎవరూ సలహా ఇవ్వకండి. దాచిన సంగతి రెండు నెలల తర్వాత ఎవరి నోట్లోంచో జారుతుంది. అప్పుడు ట్రిప్ సంగతి పక్కకి పోయి దాచడమే పెద్ద గొడవవుతుంది.

సతీష్, 9:58
😂 ప్రవీణ్ ఆల్రెడీ ఆ మాట అన్నాడు. చెప్తాలే.

ఒరేయ్ సంక్రాంతికి ఏం చేస్తున్నావ్? మా ఊరు రావచ్చు కదా. మా అమ్మ నిన్ను రెండుసార్లు అడిగింది.

కిశోర్, 10:04
మీ ఊరికి జగ్గన్నతోట దగ్గరే కదా? కనుమ రోజు ప్రభల తీర్థం చూడాలని నాకు ఎప్పటి నుంచో ఉంది. పదకొండు ఊళ్ల ప్రభలు ఒక్క తోటలో చేరతాయంటారు, వాటిలో కొన్నిటిని కౌశిక నది దాటించి మోసుకొస్తారట కదా.

సతీష్, 10:06
గంగలకుర్రు వైపు ప్రభలు రా అవి. నీళ్లలోంచి భుజాల మీద తెస్తుంటే చూడాలి. మా ఇంట్లో పడుకోవచ్చు, తిండి సంగతి అమ్మ చూసుకుంటుంది. రైళ్లు మాత్రం ఎప్పుడో నిండిపోయాయి. ప్రైవేటు బస్సువాళ్లు పండక్కి రేటు ఎలా పెంచుతారో నీకు తెలిసిందే.

కిశోర్, 10:12
నాయుడి కారు ఖాళీయేనా? అయితే ఈసారి ప్లాన్ నేను వేస్తా. ముందు నువ్వు నాయుణ్ణి కదుపు, కారు ఇస్తానంటే నేను రేపు గ్రూపులో పెడతా. మీ అమ్మగారిని కూడా ఐదుగురం దిగితే ఇబ్బందేమో అడుగు, మొహమాటంతో సరే అనించకు.

గురువారం, గ్రూపు: రూమ్ నంబర్ 14

కిశోర్, సా. 6:30
అందరికీ ఒక ప్లాన్. సంక్రాంతికి సతీష్ వాళ్ల ఊరు, కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం. నాయుడు కారు ఇస్తానన్నాడు, సతీష్ వాళ్లమ్మగారు రమ్మన్నారు (రెండూ కనుక్కునే పెడుతున్నా).

బయల్దేరేది భోగి ముందురోజు తెల్లవారుజాము 3 గంటలకి. సాయంత్రం బయల్దేరితే పంతంగి టోల్‌గేట్ దగ్గరే రాత్రి అయిపోతుంది. ముక్కనుమ రోజు తిరుగు ప్రయాణం.

ఖర్చు: రానూపోనూ సుమారు 900 కిలోమీటర్లు. లీటరుకి 18 వేసుకుంటే 50 లీటర్లు, అంటే పెట్రోలు ఐదు వేల పైచిలుకు. టోల్‌కి ఇంకో వెయ్యి అనుకుందాం. ఐదుగురికి తలా 1,300, దారి తిండి వేరే. నలుగురే అయితే తలా 1,600. సతీష్ వాళ్లింటికి ఉత్త చేతులతో వెళ్లం కదా, పూతరేకుల బదులు అమ్మగారికి చీర తీసుకుందాం. కోనసీమ వాళ్లకి పూతరేకులు మోసుకెళ్తే నవ్వుతారు. దానికి తలా 300.

వస్తారో రారో ఆదివారం రాత్రి 9 లోపు చెప్పండి. రాలేకపోతే కారణం చెప్పక్కర్లేదు, "కుదరదు" అంటే చాలు.

రమణ, 6:34
నేను రెడీ

నాయుడు, 6:41
కారు నాది కాబట్టి నేనెలాగూ ఉన్నా. కిశోరూ, సతీష్ ఫోన్ చేశాడు. కలిసినప్పుడు మాట్లాడతా.

కిశోర్, 6:43
సరే రా. ఫాస్టాగ్‌లో బ్యాలెన్స్ చూసుకో ముందు.

ప్రవీణ్, 6:50
ఆదివారం చెప్తా, లీవు అడగాలి. వెనక సీటు మధ్యలో మాత్రం నేను కూర్చోను