భాకరాపేట వ్యానుకు 96 కార్డులు

అందరికీ నమస్కారం. భోజనాల వాసన ఇక్కడిదాకా వస్తోంది, నాకూ తెలుస్తోంది. ఐదు నిమిషాలు ఓపిక పట్టండి.

భాకరాపేట వైపు పల్లెలో ఒక అక్క ఉంది. పేరు చెప్పొద్దంది, జరిగింది మాత్రం చెప్పమంది. ఆమెకు రెండు కిడ్నీలూ పనిచేయవు. సోమ, బుధ, శుక్రవారాలు తిరుపతికొచ్చి నాలుగేసి గంటలు డయాలసిస్ మిషన్ మీద ఉండాలి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద డయాలసిస్ ఉచితమే. అగచాట్లన్నీ దారిలోనే.

తెల్లారకముందే రోడ్డు మీదికి రావాలి. తోడుగా మొగుడు కూలి మానుకోవాలి. అది సరే, తిరుగు ప్రయాణం చూడండి. మిషన్ దిగాక బీపీ పడిపోతుంది, కాళ్లు పట్టేస్తాయి. చేతికి సూదులు తీసిన చోట దూది పెట్టి ప్లాస్టర్ వేసి పంపిస్తారు. బస్సులో సీటు దొరకని రోజు ఆ చేతిని రెండో చేత్తో పొదువుకుని ఘాట్ మలుపుల్లో నిలబడి పోతుంది. ఒకసారి ఎవరిదో సంచి తగిలి ప్లాస్టర్ ఊడింది. కొంగంతా రక్తం.

పోయిన వానాకాలంలో ఒక శుక్రవారం బస్సు రాలేదు. సోమవారం పోదాంలే అనుకున్నారు. కిడ్నీలు పనిచేయకపోతే తాగిన నీళ్లు ఒంట్లోనే ఉండిపోతాయి. ఆదివారం రాత్రికి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. పడుకుంటే ఊపిరాడక గోడకానుకుని కూర్చుంది. 108లో తెచ్చారు, బతికింది. ఎందుకు మానేశావని నేను కాస్త గట్టిగానే అడిగితే, "బస్సు రాకపోతే నేనేం చేసేది సామీ" అంది.

ఆ దారిలో ఇలాంటివాళ్లు ఎనిమిది మంది ఉన్నారు. అందరివీ అవే రోజులు. తోడు మనుషులతో కలిపి పదహారు సీట్ల వ్యాను మాట్లాడాం. డ్రైవరు, డీజిలు అన్నీ కలిపి రోజుకు 3,200. నెలకు 13 రోజులు వేసుకుంటే 41,600. అంటే ఒక రోగికి, తోడు మనిషికి కలిపి నెలకు 5,200 రూపాయలు.

బస్సు ఛార్జీలు ఇచ్చేస్తే పోలేదా అని ఇందాక ఒక అన్న అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ బస్సు వీళ్ల కోసం ఆగదన్నా. మిషన్ ఒక గంట ఆలస్యమైనా వ్యాను ఆసుపత్రి గేటు దగ్గరే ఉంటుంది.

మీ కుర్చీల మీద పెట్టిన పసుపు కార్డు చూడండి. ఒక్కో కార్డు ఒక రోగికి ఒక నెల, 5,200. ఇలాంటివి 96 పోతే ఏడాదంతా బండి నడుస్తుంది. ఒకరే పన్నెండు తీసుకుంటారా, నలుగురు కలిసి ఒకటి తీసుకుంటారా, మీ ఇష్టం. 400 ఇచ్చినా ఒక రోగికి ఒక రోజు రానుపోను ఖర్చు మీదే.

కార్డు మీద పేరు, ఫోన్ నంబరు రాసి తలుపు పక్క బల్ల దగ్గర మా పిల్లలకివ్వండి. పాత పద్ధతిలో ట్యాక్స్ కట్టేవాళ్లకు విరాళం మీద ట్యాక్స్ మినహాయింపు కోసం రసీదు ఇస్తాం. రెండు వేలు దాటితే మాత్రం చెక్కో యూపీఐయో ఇవ్వండి, నగదుకైతే ఆ మినహాయింపు రాదు.

పెన్నులు తిప్పుతున్నారు. భోజనాలకు లేచేముందే రాసేయండి, చెయ్యి కడుక్కున్నాక ఎవరికీ గుర్తుండదు. వ్యాను వచ్చే సోమవారమే మొదలు.