గరిటెల ఫొటోల్లో తీసేయాల్సినవి

నెల్లూరు,
జూన్ 3

హరిత గారికి నమస్కారం.

నిన్న ఫోన్లో చెప్పిన ఫొటోలు మొత్తం 38, డ్రైవ్‌లో garitelu_june అనే ఫోల్డర్‌లో పెట్టాను. నిన్న మీతో మాట్లాడేటప్పుడు అంగట్లో బేరాలుండి అన్నీ చెప్పలేకపోయాను. ఏ ఫొటోలో ఏం తీసేయాలో ఇందులో రాస్తున్నా. అన్నిటికంటే ముందు ఒక మాట. చెక్క చుట్టూ ఏమున్నా తీసేయండి, చెక్కను మాత్రం ముట్టుకోవద్దు.

ఇంతగా ఎందుకు చెప్తున్నానంటే, పోయిన ఏడాది ఈ పని ఇంకొకరికి ఇచ్చాను. ఆయన గరిటెల మీద చారలు, ముడులు మచ్చలనుకుని అన్నీ నున్నగా తుడిచేశారు. ఫొటోలు చూడటానికి మెరిసిపోతూ బాగానే ఉన్నాయి. వాటిని చూసి కొన్న ఒకామె, పార్శిల్ విప్పగానే ‘ఫొటోలో గీతల్లేవు, మీరు పంపినదానికి ఉన్నాయి’ అని వెనక్కి పంపేశారు. 340 రూపాయల సరుకు, దాని మీద పార్శిల్ ఖర్చు రెండు వైపులా నా మీదే పడింది. డబ్బు సంగతి అటుంచితే, ఉదయగిరిలో ఆ గరిటె చెక్కిన అమ్మకు ఫొటో చూపిస్తే ‘ఇది నేను చేసింది కాదే’ అన్నారు. నాకు చాలా బాధేసింది. అక్కడి వాళ్ళు నర్ది, బిక్కి లాంటి అడవి చెక్కను చేత్తో చెక్కి చేస్తారు. గరిటె గుంట లోపల కత్తి తిరిగిన గుర్తులు అరచేతి రేఖల్లా సన్నగా కనిపిస్తాయి. దాన్ని చూసే జనం కొంటారు. అది పోతే ప్లాస్టిక్ గరిటెకూ దీనికీ తేడా లేదు.

ఇక ఫొటోల సంగతికి వస్తాను.

IMG_2041 నుంచి IMG_2056 వరకు 16 ఫొటోలు అంగట్లో గల్లాపెట్టె బల్ల మీద తీసినవి. కింద పరిచిన న్యూస్‌పేపరు, పక్కనున్న టీ గ్లాసు, వెనక గోడ మీద వెంకటేశ్వరస్వామి క్యాలెండరు అన్నీ పోవాలి. దేవుడి బొమ్మ కదా అని ఉంచకండి. 2043, 2044లో డబ్బులు కట్టే క్యూఆర్ కోడ్ స్టాండు ఉంది, అది కొంచెం కూడా మిగలకూడదు. అది కనిపిస్తే ఎవరైనా ఫొటో నుంచే స్కాన్ చేసి డబ్బు వేస్తారు, తర్వాత ఆ లెక్క తేల్చలేక నేను చస్తాను. 2047లో అద్దాల బీరువాలో నా నీడ, చేతిలో ఫోను పడ్డాయి. అవి కూడా తీసేయండి.

2049, 2050 చిల్లుల గరిటెలు. బయట అంచు చుట్టూ కట్ చేస్తే సరిపోదు, ప్రతి చిల్లులోంచీ వెనక నీలం గోడ కనిపిస్తోంది. చిల్లులన్నిటిలో ఆ నీలం పోవాలి. చిల్లు గుండ్రంగా లేకపోతే గుండ్రంగా చేయకండి, చేత్తో పెట్టిన చిల్లు అలాగే ఉంటుంది.

2053లో ఆరు స్పూన్లకు కలిపి రబ్బరు బ్యాండు వేసి ఉంది. నేనే తీయడం మర్చిపోయా. దాన్ని చెరిపి కింద చెక్క ఎలా ఉంటుందో ఊహించి గీయొద్దు. రేపు పొద్దున అంగడి తెరవగానే బ్యాండు తీసి మళ్ళీ ఫొటో తీసి అదే పేరుతో పెడతాను. ధర స్టిక్కర్లున్న చోట కూడా అంతే. స్టిక్కరు కింద ముడి ఉందో చార ఉందో మీకు తెలియదు కదా, అలాంటివి కనిపిస్తే నాకు చెప్పండి, మళ్ళీ తీసి పంపిస్తా.

2057 నుంచి 2063 వరకు దువ్వెనలు. వీటికే మీకు టైమ్ ఎక్కువ పడుతుంది, నాకు తెలుసు. పళ్ళ మధ్య సందుల్లో కింద పరిచిన ఆకుపచ్చ టర్పాలిన్ కనిపిస్తోంది. ఎండలో తీశాను కాబట్టి ఆ పచ్చదనం పళ్ళ అంచులకు కూడా కొంచెం అంటుకుంది. ఆ రంగు తగ్గించండి, అక్కడ మాత్రం మీరు చెక్క మీద చెయ్యి వేయొచ్చు. 2060లో చివరి పన్ను కాస్త పొట్టి. దాన్ని పొడుగు చేయొద్దు, ఆ దువ్వెన అలాంటిదే, ధర తగ్గించి అమ్ముతున్నా.

2064 నుంచి 2071 వరకు ఉదయగిరిలో పనివాళ్ళ ఇంటి అరుగు మీద తీసినవి. ఇవి జాగ్రత్తగా చూడండి. 2065, 2066లో వెనక కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళ ముఖాలు పడ్డాయి. ఫొటోల్లో కనిపించడం వాళ్ళకు ఇష్టం లేదు, నేను మాట ఇచ్చాను. మసక చేస్తే చాలదు, పూర్తిగా తీసేయండి. పని అయ్యాక మీ దగ్గరున్న అసలు ఫొటోలు కూడా డిలీట్ చేయండి. 2070లో పాప యూనిఫాం మీద స్కూలు పేరు చదవడానికి వీలుగా ఉంది, పాపతో సహా తీసేయండి. చెప్పులు, బిందె, కింద పడ్డ చెక్కపొట్టు సంగతి చెప్పక్కర్లేదు.

2068 ఒక్కటి మాత్రం వేరు. అందులో గరిటె పట్టుకున్న చెయ్యి ఉంచండి. ఆమెను అడిగే తీశాను. గరిటె ఎంత పెద్దదో ఆ చెయ్యి చూస్తేనే తెలుస్తుంది. బొటనవేలి గోరు కింద చెక్కపొడి ఉంది, అది కూడా తుడవకండి.

మిగిలిన ఏడు, 2072 నుంచి 2078 వరకు గిన్నెలు, ట్రేలు. వీటికి వెనక గోడ తీసేస్తే చాలు. లేత రంగు గిన్నెల అంచు తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌లో కలిసిపోయే చోట కాస్త పెద్దది చేసి చూడండి, అంచు తెగకూడదు.

బ్యాక్‌గ్రౌండ్ అన్నిటికీ పూర్తి తెలుపు, 255, 255, 255. అమెజాన్‌లో మొదటి ఫొటోకు అదే రూలు, వస్తువు ఫొటోలో 85 శాతం నిండాలి. పొడుగు వైపు 1000 పిక్సెళ్ళకు తగ్గితే జూమ్ రాదు, మీరు 1600 పెట్టండి. 2068 మొదటి ఫొటోగా పెట్టను కాబట్టి దాని వెనక అరుగు అలాగే ఉన్నా ఫర్వాలేదు. ఫైల్ పేర్లు మార్చకండి, నా స్టాక్ పుస్తకంలో అవే నంబర్లు రాసుకున్నా.

మనం అనుకున్నట్టే మామూలు ఫొటోకు 25 రూపాయలు. దువ్వెనలు ఏడు, చిల్లుల గరిటెలు రెండు కలిపి తొమ్మిదింటికి 60 చొప్పున 540. మిగతా 29కి 725. మొత్తం 1,265. పొద్దున 500 పంపాను, వచ్చిందో లేదో చూసుకోండి. మిగతా 765 ఫొటోలు అందిన రోజే పంపుతా. నా తప్పు వల్ల మళ్ళీ తీసిన ఫొటోలకు మీకు పని పెరిగితే అది కూడా లెక్క వేయండి.

ముందు 2041, 2049, 2058 ఈ మూడూ చేసి పంపండి. చూసి సరే అన్నాక మిగతావి మొదలుపెట్టండి. అన్నీ 12వ తేదీలోపు కావాలి. రొట్టెల పండక్కి ఊళ్ళోకి జనం వస్తే అంగడి వదిలి ఫోను చూడ్డానికి కూడా నాకు తీరదు. ఈలోపు ఏ సందేహం వచ్చినా మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు లోపల ఫోన్ చేయండి, ఆ టైమ్‌లో బేరాలు తక్కువ.

ఇట్లు,
పెంచలయ్య
చెక్క సామాన్ల అంగడి, నెల్లూరు