టెస్ట్ కేస్ PWD-03: ఈమెయిల్ లింకు ద్వారా పాస్‌వర్డ్ మార్చుకోవడం

అప్లికేషన్: గ్రంథాలయ సభ్యుల పోర్టల్, బిల్డ్ `2.4.0-rc1`
ప్రాధాన్యం: అధికం
పట్టే సమయం: సుమారు 20 నిమిషాలు. మధ్యలో వదిలి వెళ్లకూడదు. కారణం అడుగు 10లో ఉంది.

ఉద్దేశం

పాస్‌వర్డ్ మర్చిపోయిన సభ్యుడు ఈమెయిల్‌కు వచ్చిన లింకుతో కొత్తది పెట్టుకోగలగాలి. అది పెట్టుకున్నాక పాత పాస్‌వర్డ్, పాత లాగిన్, వాడేసిన లింకు ఈ మూడూ చెల్లకుండా పోవాలి. కొత్త పాస్‌వర్డ్‌తో లాగిన్ అవుతుందా లేదా అన్నది ఎవరైనా చూస్తారు. పాతవి నిజంగా చెల్లకుండా పోయాయా అన్నదే ఈ కేసులో ముఖ్యం. ఖాతా వేరొకరి చేతిలో పడిందన్న అనుమానంతో పాస్‌వర్డ్ మార్చుకునే సభ్యుడికి రక్షణ అక్కడే ఉంది.

పోర్టల్‌ను ఇంతకుముందు చూడనివారు కూడా ఈ కేసు చేయగలరు. స్క్రీన్ మీద కనిపించాల్సిన మాటలన్నీ ఉల్లేఖన చిహ్నాల మధ్య ఉన్నాయి. వాటిలో అక్షరం తేడా ఉన్నా అది తేడాయే. చిన్నదో పెద్దదో మీరు తేల్చనక్కర్లేదు, కనిపించింది రాయండి.

ముందస్తు షరతులు

పోర్టల్, టెస్ట్ మెయిల్‌బాక్స్ రెండూ మీ కంప్యూటర్‌లో నడుస్తూ ఉండాలి. పోర్టల్ లాగిన్ పేజీ అడుగున బిల్డ్ సంఖ్య కనిపిస్తుంది. అది `2.4.0-rc1` కాకపోతే పరీక్ష మొదలుపెట్టకండి. వేరే బిల్డ్ మీద వచ్చిన ఫలితం ఎవరికీ పనికిరాదు.

టెస్ట్ డేటాను తొలి స్థితికి తీసుకురండి. ప్రాజెక్టు ఫోల్డర్‌లో టెర్మినల్ తెరిచి ఈ కమాండ్ ఇవ్వండి:

```
./reset-test-data.sh
```

చివరి వరుసలో `OK` రావాలి. ఇది పరీక్ష ఖాతాలకు పాత పాస్‌వర్డ్ తిరిగి పెడుతుంది, మెయిల్‌బాక్స్‌ను ఖాళీ చేస్తుంది. `OK` రాకపోతే కేసును ‘బ్లాక్డ్’ అని నమోదు చేసి ఆపండి. అది ఫెయిల్ కాదు, ఎందుకంటే పోర్టల్‌ను మీరింకా పరీక్షించనేలేదు.

ఫైర్‌ఫాక్స్‌లో రెండు విండోలు తెరవండి. ఒకటి మామూలు విండో, రెండోది ప్రైవేట్ విండో. లాగిన్ సమాచారం ఒకదాని నుంచి మరొకదానికి పోదు కాబట్టి ఒకే సభ్యుడు రెండు కంప్యూటర్లు వాడుతున్నట్లు లెక్క. రెండు ప్రైవేట్ విండోలు తెరిస్తే ఈ పని జరగదు. అవి ఒకే లాగిన్‌ను పంచుకుంటాయి.

రెండు విండోల్లోనూ పోర్టల్ భాష ‘తెలుగు’ అని ఉండాలి. కీబోర్డు మాత్రం ఇంగ్లిష్‌లో ఉంచండి, క్యాప్స్ లాక్ ఆపండి. పాస్‌వర్డ్ పెట్టెలో చుక్కలే కనిపిస్తాయి కాబట్టి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో తెలుగు అక్షరాలు పడుతున్నా మీకు తెలియదు.

టెస్ట్ డేటా

| విషయం | విలువ |
|---|---|
| లాగిన్ పేజీ | `http://localhost:8080/login` |
| టెస్ట్ మెయిల్‌బాక్స్ | `http://localhost:8025` |
| ఈమెయిల్ | `sabhyudu07@portal.test` |
| సభ్యుడి పేరు | పరీక్ష సభ్యుడు 07 |
| పాత పాస్‌వర్డ్ | `Patha#Gadi31` |
| కొత్త పాస్‌వర్డ్ | `Varsham!Nadi58` |

పాస్‌వర్డ్‌లను కాపీ చేయకుండా చేత్తో టైప్ చేయండి. కాపీ చేస్తే చివర ఒక ఖాళీ కూడా అంటుకుని రావచ్చు. అప్పుడు లేని బగ్ ఉన్నట్లు కనిపిస్తుంది. `.test` అనే డొమైన్ పరీక్షల కోసమే కేటాయించినది. ఈ చిరునామాకు పంపిన మెయిల్ నిజమైన మనిషికి చేరే ప్రమాదం లేదు. కాబట్టి మీ సొంత ఈమెయిల్ ఎక్కడా వాడకండి.

అడుగులు, ఆశించిన ఫలితాలు

అడుగు 1. ప్రైవేట్ విండోలో లాగిన్ పేజీ తెరిచి, ఈమెయిల్, పాత పాస్‌వర్డ్ ఇచ్చి ‘లాగిన్’ నొక్కండి. పాస్‌వర్డ్ గుర్తుంచుకోవాలా అని ఫైర్‌ఫాక్స్ అడిగితే వద్దని చెప్పండి. ఇకముందు ఎప్పుడు అడిగినా ఇదే జవాబు. గుర్తుంచుకోనిస్తే తర్వాతి అడుగుల్లో పాత పాస్‌వర్డ్‌ను తానే నింపేస్తుంది.
*ఆశించిన ఫలితం:* హోమ్ పేజీ వస్తుంది. పైన కుడివైపు ‘పరీక్ష సభ్యుడు 07’ అని ఉంటుంది. ఈ విండోను మూయకుండా అలాగే ఉంచండి.

అడుగు 2. మామూలు విండోలో లాగిన్ పేజీ తెరిచి, ‘పాస్‌వర్డ్ మర్చిపోయారా?’ అన్న లింకు నొక్కండి.
*ఆశించిన ఫలితం:* ‘పాస్‌వర్డ్ మార్పు’ అన్న శీర్షికతో పేజీ వస్తుంది. అందులో ఒక ఈమెయిల్ పెట్టె, ‘లింకు పంపండి’ అన్న బటన్ ఉంటాయి.

అడుగు 3. ఈమెయిల్ టైప్ చేసి ‘లింకు పంపండి’ బటన్‌ను ఒక్కసారే నొక్కండి. వెంటనే గడియారం చూసి సమయం రాసిపెట్టుకోండి.
*ఆశించిన ఫలితం:* ‘ఈ ఈమెయిల్‌తో ఖాతా ఉంటే, పాస్‌వర్డ్ మార్చుకునే లింకు పంపాం.’ అన్న వాక్యం వస్తుంది. ‘ఖాతా ఉంటే’ అన్న మాట కావాలనే పెట్టినది. ఫలానా ఈమెయిల్‌కు ఇక్కడ ఖాతా ఉందో లేదో బయటివారికి తెలియకూడదు. ‘మీ ఖాతా దొరికింది’ లాంటి మాట ఏది వచ్చినా ఈ అడుగు ఫెయిల్.

అడుగు 4. మామూలు విండోలోనే కొత్త ట్యాబ్‌లో టెస్ట్ మెయిల్‌బాక్స్ తెరవండి. మెయిల్ కనిపించకపోతే 1 నిమిషం వరకు ఆగండి. వచ్చాక తెరిచి చదవండి.
*ఆశించిన ఫలితం:* మెయిల్ ఒక్కటే ఉంటుంది. అది `sabhyudu07@portal.test`కు వచ్చి ఉంటుంది. విషయం ‘మీ పాస్‌వర్డ్ మార్చుకోండి’. లోపల ఒకే లింకు, ‘ఈ లింకు 30 నిమిషాలు మాత్రమే పనిచేస్తుంది.’ అన్న వాక్యం ఉంటాయి. మెయిల్‌లో ఎక్కడా పాస్‌వర్డ్ ఉండదు. తెలుగు అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు గానీ ఖాళీ పెట్టెలు గానీ ఉండవు. విషయం వరుసను ప్రత్యేకంగా చూడండి, ఎందుకంటే మెయిల్ లోపలి పాఠం బాగానే ఉండి అక్కడ మాత్రం అక్షరాలు చెడిపోవడం జరుగుతుంది.

అడుగు 5. మెయిల్‌లోని లింకును కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో దాచుకోండి, అడుగు 10లో కావాలి. తర్వాత దాన్ని మామూలు విండో అడ్రస్ బార్‌లో అతికించి ఎంటర్ నొక్కండి.
*ఆశించిన ఫలితం:* ‘కొత్త పాస్‌వర్డ్’, ‘మళ్లీ కొత్త పాస్‌వర్డ్’ అన్న రెండు పెట్టెలు, ‘మార్చండి’ అన్న బటన్ కనిపిస్తాయి.

అడుగు 6. రెండు పెట్టెల్లోనూ కొత్త పాస్‌వర్డ్ టైప్ చేయండి. ఒక్కో పెట్టెలో 14 చుక్కలు ఉన్నాయేమో లెక్కపెట్టి, ఆ తర్వాతే ‘మార్చండి’ నొక్కండి.
*ఆశించిన ఫలితం:* లాగిన్ పేజీ వస్తుంది. దాని మీద ‘పాస్‌వర్డ్ మారింది. కొత్త పాస్‌వర్డ్‌తో లాగిన్ అవ్వండి.’ అని ఉంటుంది. నేరుగా హోమ్ పేజీకి తీసుకెళ్లకూడదు.

అడుగు 7. అదే పేజీలో ఈమెయిల్, *పాత* పాస్‌వర్డ్ ఇచ్చి ‘లాగిన్’ నొక్కండి. ఒక్కసారే ప్రయత్నించండి. వరుసగా 5 సార్లు తప్పు ఇస్తే ఖాతా 15 నిమిషాలు తాళం పడుతుంది, అడుగు 8 చేయలేరు.
*ఆశించిన ఫలితం:* ‘ఈమెయిల్ లేదా పాస్‌వర్డ్ సరిగా లేదు.’ అని వస్తుంది. లాగిన్ పేజీలోనే ఉంటారు.

అడుగు 8. ఈమెయిల్, *కొత్త* పాస్‌వర్డ్ ఇచ్చి ‘లాగిన్’ నొక్కండి.
*ఆశించిన ఫలితం:* హోమ్ పేజీ, పైన ‘పరీక్ష సభ్యుడు 07’.

అడుగు 9. ప్రైవేట్ విండోకు వెళ్లండి. అడుగు 1లో తెరిచిన హోమ్ పేజీ ఇంకా కనిపిస్తూ ఉంటుంది. అది తప్పు కాదు, అది పాత బొమ్మ మాత్రమే. ఇప్పుడు F5 నొక్కండి.
*ఆశించిన ఫలితం:* లాగిన్ పేజీ వస్తుంది. F5 తర్వాత కూడా సభ్యుడి పేరు కనిపిస్తే ఫెయిల్. పాస్‌వర్డ్ మార్చినా చొరబడినవారు లోపలే ఉన్నారని దాని అర్థం. మిగతా అడుగులు ఆపకుండా చేయండి గానీ, ఈ బగ్‌ను అత్యధిక తీవ్రతతో నమోదు చేయండి.

అడుగు 10. ముందుగా గడియారం చూడండి. అడుగు 3లో రాసుకున్న సమయం నుంచి 25 నిమిషాలు దాటి ఉంటే ఈ అడుగు చేయకండి. డేటాను మళ్లీ తొలి స్థితికి తెచ్చి అడుగు 1 నుంచి మొదలుపెట్టండి. లింకు పనిచేయకపోవడానికి రెండు కారణాలు ఉండవచ్చు: ఒకసారి వాడేయడం, గడువు తీరిపోవడం. మనం చూస్తున్నది మొదటిది. గడువు తీరాక ప్రయత్నిస్తే స్క్రీన్ మీద సరైన వాక్యమే వస్తుంది, కేసు పాస్ అయినట్లే కనిపిస్తుంది, కానీ లింకు ఒక్కసారే పనిచేస్తుందన్న సంగతి పరీక్షకు రానట్లే. 5 నిమిషాల తేడా ఉంచింది కంప్యూటర్ల గడియారాల మధ్య ఉండే చిన్న తేడాల కోసం.

సమయం ఉంటే మామూలు విండోలో లాగౌట్ చేసి, నోట్‌ప్యాడ్‌లో దాచిన లింకును అడ్రస్ బార్‌లో అతికించి ఎంటర్ నొక్కండి.
*ఆశించిన ఫలితం:* ‘ఈ లింకు ఇక పనిచేయదు. కొత్త లింకు కోరండి.’ అని వస్తుంది. పాస్‌వర్డ్ పెట్టెలు కనిపించకూడదు.

అడుగు 11. మెయిల్‌బాక్స్ ట్యాబ్ మళ్లీ చూడండి.
*ఆశించిన ఫలితం:* ‘మీ పాస్‌వర్డ్ మారింది’ అన్న విషయంతో రెండో మెయిల్ ఉంటుంది. అందులో పాస్‌వర్డ్ ఉండదు. మొత్తం మెయిళ్లు 2.

ఫలితం నమోదు

11 అడుగుల్లోనూ ఆశించినదే కనిపిస్తే ‘పాస్’. ఒక్కటి తేడా వచ్చినా ‘ఫెయిల్’. 1 నుంచి 6 వరకు ఉన్న అడుగుల్లో ఏదైనా ముందుకు సాగనివ్వకపోతే అక్కడే ఆపి ఆ అడుగును ‘ఫెయిల్’ అని, మిగిలినవాటిని ‘చేయలేదు’ అని రాయండి. చేయని అడుగుకు పాస్ రాయకండి.

ఫెయిల్ అయితే వాస్తవ ఫలితాన్ని ఇలా రాయండి:

> అడుగు 9, ఫెయిల్. ప్రైవేట్ విండోలో F5 నొక్కాక హోమ్ పేజీ మళ్లీ వచ్చింది, పైన ‘పరీక్ష సభ్యుడు 07’ అని ఉంది. ‘నా పుస్తకాలు’ నొక్కితే జాబితా కూడా తెరుచుకుంది. లింకు కోరిన సమయం 11:04, F5 నొక్కిన సమయం 11:15. బిల్డ్ `2.4.0-rc1`. డేటా తొలి స్థితికి తెచ్చి మళ్లీ చేసినా ఇదే వచ్చింది. స్క్రీన్‌షాట్ జతచేశాను.

‘లాగౌట్ పనిచేయడం లేదు’ అని మాత్రమే రాస్తే, లాగౌట్ బటన్‌లో లోపం ఉందనుకుని డెవలపర్ అక్కడ వెతుకుతారు. పై వివరంతో సరైన చోటికే వెళ్తారు.

ఈ కేసులో లేనివి

30 నిమిషాల గడువు PWD-04లో, రెండు పెట్టెల్లో వేర్వేరు పాస్‌వర్డ్‌లు ఇవ్వడం PWD-05లో, ఖాతా లేని ఈమెయిల్ PWD-06లో ఉన్నాయి. వాటిని ఇక్కడ కలిపి చేయకండి. ఈ ఖాతా మీద అదనంగా ఇంకో లింకు కోరినా అడుగు 11లో మెయిళ్ల లెక్క తప్పుతుంది.

పరీక్ష తర్వాత

నోట్‌ప్యాడ్‌లోని లింకు తుడిచేసి, రెండు విండోలు మూసి, `./reset-test-data.sh` మళ్లీ నడపండి. ఇదే ఖాతాను PWD-04 కూడా వాడుతుంది, అది పాత పాస్‌వర్డ్‌తో మొదలవుతుంది.